అద్దె, కరెంటు ఏ వస్తువు మీద ఎంత వేయాలి?

*మేం సబ్బులు, కొవ్వొత్తులు, గుడ్డ సంచులు తయారుచేసి అమ్ముతాం. మూడూ ఒకే షెడ్డులో. నెలకు అద్దె 24,000, కరెంటు బిల్లు 9,000 దాకా వస్తుంది. 600 సబ్బులు, 400 కొవ్వొత్తులు, 500 సంచులు పోతాయి. సరుకు, పీసు కూలీ కలిపి సబ్బుకు 45, కొవ్వొత్తికి 105, సంచికి 60 పడుతుంది. అమ్మేది వరసగా 80, 150, 75కి. అద్దె, కరెంటు కలిపి 33,000ని 1,500 వస్తువులకు పంచితే ఒక్కోదానికి 22. అలా చూస్తే సంచి 82 పడుతోంది, 75కి అమ్ముతున్నాం. మావారేమో అమ్మకాల శాతం ప్రకారం పంచాలంటారు. అలా పంచినా సంచి నష్టంలోనే ఉంది. సంచులు ఆపేయాలా, ధర పెంచాలా? అసలు ఈ పంపకం ఎలా చేయాలి? షెడ్డు కొలతలు, మెషీన్ల వివరాలు విడిగా రాసి పెట్టాను.*

సంచులు ఆపకండి. ఆపితే నెలకు మీ చేతికొచ్చే లాభం సగానికి పడిపోతుంది. అదెలాగో కాస్త ముందుకెళ్లాక చూపిస్తాను. ముందు పంపకం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే సంచి నష్టంలో ఉన్నట్టు కనిపించడానికి కారణం సంచి కాదు, మీరు పంచిన తీరు.

వస్తువుకు 22 చొప్పున సమానంగా వేయడమంటే, మూలన ఒక కుట్టుమిషను దగ్గర తయారయ్యే సంచీ, వారాల తరబడి అరల మీద కూర్చునే సబ్బూ షెడ్డును ఒకే మాదిరిగా వాడుకుంటున్నాయని ఒప్పుకున్నట్టే. మీరు పంపిన కొలతలు చూస్తే అది ఏమాత్రం నిజం కాదని తెలుస్తుంది. మీవారు చెప్పిన పద్ధతి చాలామంది వాడేదే, లెక్క కూడా తేలిక. కానీ ధర నిర్ణయించుకోవడానికి మాత్రం అది పనికిరాదు. ఎందుకో చూడండి. మీ నెల అమ్మకాలు మొత్తం 1,45,500. అందులో సంచుల వాటా ప్రకారం ఒక్కో సంచి మీద 17 పడుతుంది, 77 అవుతుంది, నష్టం రెండు. సరే, నష్టం పోవాలని సంచి ధర 85 చేశారనుకోండి. అన్నీ అంతే అమ్ముడైనా అమ్మకాల్లో సంచుల వాటా పెరుగుతుంది కాబట్టి దాని మీద పడే భారం 17 నుంచి 18.60కి పెరుగుతుంది. షెడ్డులో సంచి అదనంగా ఒక్క అడుగు స్థలం ఆక్రమించలేదు, ఒక్క యూనిట్ కరెంటు ఎక్కువ కాల్చలేదు. ధర పెంచిన పాపానికి ఖర్చు పెరిగినట్టు కాగితం చెబుతోంది. ధర తేల్చుకోవడానికి ఖర్చు కావాలి, ఆ ఖర్చు తేలాలంటే ధర కావాలి. ఇలా గుండ్రంగా తిరిగే లెక్క నుంచి ఏ జవాబూ రాదు.

కాబట్టి ఒక్కో ఖర్చు దగ్గర ఆగి, ఇది దేనివల్ల పెరుగుతుంది అని అడగాలి. అద్దె స్థలానికి కడుతున్నాం, కనుక స్థలం ప్రకారం పంచాలి. కరెంటుకు యూనిట్ల లెక్కన కడుతున్నాం, కనుక యూనిట్ల ప్రకారం పంచాలి. రెంటినీ కలిపి 33,000 అనే ఒకే ముద్దగా చేయడంతోనే తప్పు మొదలైంది.

అద్దెతో మొదలుపెడదాం. మీ షెడ్డు 600 చదరపు అడుగులు. సబ్బులు ఆరబెట్టే అరలు 240 అడుగులు, సబ్బు కలిపే బల్ల చుట్టూ 60, అంటే సబ్బులకు 300. మైనం కరిగించి అచ్చుల్లో పోసి చల్లార్చే చోటు 120. కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల కలిపి 60. మిగిలిన 120 అడుగులు నడక దారి, ప్యాకింగ్ బల్ల, కడుక్కునే చోటు. ఇవి అందరివీ. ఇక్కడ కొలవాల్సింది నేలనే అని గుర్తుపెట్టుకోండి. అరలు అయిదు వరసలుంటే అయిదు రెట్లు కొలవకూడదు, ఎందుకంటే అద్దె కడుతున్నది నేలకు. పైకి ఎన్ని వరసలు వేసుకుంటారనేది మీ తెలివిని బట్టి వచ్చే లాభం.

ఉమ్మడి 120 అడుగులను ఏ వస్తువుకు ఎంత అని విడదీయడానికి గట్టి ఆధారం లేదు. అలాంటప్పుడు సొంత స్థలం ఎంతుందో దాని నిష్పత్తిలోనే అదీ వెళ్తుందనుకోవడం అన్నిటికన్నా సులువు. అంటే 24,000ని 600తో కాకుండా వస్తువులు నిజంగా వాడే 480 అడుగులతో భాగిస్తాం, అడుగుకు 50 వస్తుంది. సబ్బులకు 15,000, కొవ్వొత్తులకు 6,000, సంచులకు 3,000.

ఇక కరెంటు. మెషీన్ మీద రాసి ఉన్న కిలోవాట్లను గంటలతో హెచ్చవేసి మీరు వేసుకున్న లెక్క చూశాను. దాని ప్రకారం మైనం కరిగించే 4 కిలోవాట్ల హీటరు రోజుకు 6 గంటల చొప్పున 25 రోజులకు 600 యూనిట్లు కాలుస్తోంది. కానీ హీటరుకు థర్మోస్టాట్ ఉంటుంది. మైనం కావలసిన వేడికి రాగానే అది ఆగిపోతుంది, చల్లబడగానే మళ్లీ వెలుగుతుంది. కాబట్టి మెషీన్ మీది అంకె గరిష్ఠంగా ఎంత లాగగలదో చెబుతుందే తప్ప నిజంగా ఎంత లాగుతోందో చెప్పదు. తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేయాలి. ఒకరోజు మధ్యాహ్నం మిగతావన్నీ ఆపి, హీటరు ఒక్కటే మామూలు పనిలో ఉంచి, గోడ మీటరులో గంట ముందు, గంట తర్వాత అంకెలు రాసుకోండి. పొద్దున్నే చల్లటి మైనం వేసిన గంటలో మాత్రం కొలవకండి, అప్పుడు ఏకధాటిగా లాగుతుంది. పని నడుమ గంటకు 2.8 యూనిట్లు వచ్చిందనుకుందాం, అది రాసిన సామర్థ్యంలో 70 శాతం. ఆ లెక్కన నెలకు 420 యూనిట్లు.

మీ వివరాల్లో ఒక వరసలో చిన్నగా రాసి వదిలేసిన మెషీన్ ఒకటుంది, అరల దగ్గర గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్. 0.4 కిలోవాట్ కదా, ఎంతలే అనిపిస్తుంది. అది రాత్రీ పగలూ, సెలవు రోజుల్లో కూడా నడుస్తుంది. మధ్యలో ఆగే సమయం తీసేసి రోజుకు 20 గంటలు అనుకున్నా 30 రోజులకు 240 యూనిట్లు. కరెంటు పంపకంలో చాలామంది తప్పిపోయేది ఇక్కడే. పెద్ద శబ్దంతో, పెద్ద వేడితో నడిచేవాటి మీదికే చూపు పోతుంది. ఆగకుండా నడిచే చిన్న మెషీన్లు కళ్లకు ఆనవు. మీ కుట్టుమిషను మోటారుకు 40, ఇస్త్రీపెట్టెకు 20, కలిపి సంచులకు 60 యూనిట్లు. మీ బిల్లు 900 యూనిట్లకు 9,000, యూనిట్ సగటున 10 పడుతోంది. 420, 240, 60 తీసేస్తే 180 మిగులుతాయి. అవి లైట్లు, ఫ్యాన్లు. వెలుతురు, గాలి స్థలానికే కాబట్టి వాటిని అద్దె పంచిన నిష్పత్తిలోనే పంచేయవచ్చు.

ఇలా చేస్తే కరెంటులో సబ్బులకు 3,525, కొవ్వొత్తులకు 4,650, సంచులకు 825 వస్తాయి. బిల్లులో లోడును బట్టి వేసే స్థిర చార్జీ ఏమైనా విడిగా కనిపిస్తే అది చాలావరకు హీటరు వల్లే వచ్చినట్టు, దాన్ని యూనిట్లతో కలపకుండా కిలోవాట్ల ప్రకారం పంచండి. మీరు రాసినదాంట్లో అది కనిపించలేదు గనుక వదిలేస్తున్నాను.

అద్దె, కరెంటు కలిపితే సబ్బుల మీద నెలకు 18,525, కొవ్వొత్తుల మీద 10,650, సంచుల మీద 3,825. కూడి చూసుకోండి, సరిగ్గా 33,000. ఒక్కో వస్తువుకు చూస్తే సబ్బుకు దాదాపు 30.90, కొవ్వొత్తికి 26.60, సంచికి 7.65. సరుకు, కూలీ కలుపుకుంటే సబ్బు 75.90, కొవ్వొత్తి 131.60, సంచి 67.65 పడుతున్నాయి.

సంచి 75కి అమ్ముడైతే ఏడు పైచిలుకు మిగులుతోంది. కొవ్వొత్తికి 18 మిగులుతోంది. మీరు నిశ్చింతగా ఉన్న సబ్బుకే నాలుగు మిగులుతోంది. మీ సమాన పంపకంలో సబ్బు 67 పడి, 13 లాభం ఉన్నట్టు కనిపించింది. అంటే ఇన్నాళ్లూ సబ్బు అద్దెలో కొంత భాగాన్ని సంచి మోస్తోంది.

మీకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఉమ్మడి 120 అడుగులను నేను నా ఇష్టం వచ్చినట్టు పంచాను కదా, వేరేలా పంచితే జవాబు తిరగబడదా అని. మంచి అనుమానమే, వేసి చూద్దాం. అక్కడ ముఖ్యంగా జరిగేది ప్యాకింగే, కాబట్టి ఆ భాగం అద్దెను వస్తువుల సంఖ్య ప్రకారం పంచుదాం. అప్పుడు సంచి ఖర్చు 69.65కి పెరుగుతుంది, సబ్బుది 74 చిల్లరకు తగ్గుతుంది. సంచి ఇంకా లాభంలోనే ఉంది, సబ్బు ఇంకా పల్చగానే ఉంది. ఎలా పంచినా నిర్ణయం మారనప్పుడు ఆ 120 అడుగుల గురించి ఇక టెన్షన్ పడనక్కర్లేదు. మారితే మాత్రం ఆ వస్తువు విషయంలో ఈ లెక్క ఖాయంగా చెప్పలేకపోతోందని అర్థం. అప్పుడు పైసలతో సహా రాసుకున్న అంకెలను చూసి మోసపోకూడదు. ఏ పంపకంలోనైనా కొంత భాగం ఊహే. అది ఎంత భాగమో తెలిసి ఉండటం ముఖ్యం.

ఇప్పుడు సంచులు ఆపడం గురించి. ఇంతవరకు చేసింది పంపకం. ఏదైనా ఆపాలా వద్దా అన్న ప్రశ్నకు పంపకం జవాబు చెప్పదు, ఎంత జాగ్రత్తగా చేసినా సరే. అక్కడ అడగాల్సింది ఒక్కటే, ఆపితే నిజంగా ఏ ఖర్చు ఆగిపోతుంది అని. సంచి ఒక్కోటి సరుకు, కూలీ పోను 15 తెస్తోంది, 500కి 7,500. సంచులు ఆపిన మరుసటి నెల షెడ్డు యజమాని అద్దె తగ్గించడు. లైట్లు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఆగేది కుట్టుమిషను, ఇస్త్రీ కరెంటు 600 మాత్రమే. ఇప్పుడు మీ మొత్తం లాభం నెలకు 13,500. అందులోంచి 7,500 పోయి 600 కలిస్తే 6,600 మిగులుతుంది. మొదట్లో సగానికి పడిపోతుందన్నది ఇందుకే.

అంతటితో ఆగదు. సంచులు లేని నెలలో 32,400 ఖర్చును మిగిలిన వెయ్యి వస్తువులకు సమానంగా పంచితే ఒక్కోదానికి 32.40 అవుతుంది. సబ్బు 77.40 పడుతుంది, లాభం 13 నుంచి రెండున్నరకు జారిపోతుంది. ఎవరో ఒకరు సబ్బు కూడా గిట్టడం లేదంటారు. దాన్నీ ఆపితే అద్దె మొత్తం కొవ్వొత్తి నెత్తిన పడుతుంది, అదీ నష్టమే అంటారు. బాగా నడుస్తున్న చిన్న యూనిట్లు ఒక్కో వస్తువూ తగ్గించుకుంటూ పోయి మూతపడటం వెనక చాలాసార్లు ఇదే లెక్క ఉంటుంది. ఆపేసిన వస్తువు తన వాటా అద్దెను తనతో తీసుకుపోదు, మిగిలినవాటి మీద వదిలి వెళ్తుంది.

ఆ 60 అడుగులను ఖాళీ చేసి వేరే ఎవరికైనా అద్దెకు ఇవ్వగలిగితే, లేదా అక్కడ ఇంకా ఎక్కువ తెచ్చే పని పెట్టగలిగితే, అప్పుడు లెక్క మారుతుంది. సంచులు ఆ చోటు నుంచి కరెంటు పోను 6,900 తెస్తున్నాయి, అంటే అడుగుకు 115. అంతకన్నా ఎక్కువ తెచ్చేది కనిపించిన రోజున ఆలోచించండి. మీ కొవ్వొత్తులు కూడా హీటరు కరెంటు పోను అడుగుకు సరిగ్గా 115 తెస్తున్నాయి. సబ్బులు 62 తెస్తున్నాయి. అడుగుకు పడే 50 దాటింది కాబట్టి సబ్బు తన చోటుకు తగ్గ అద్దె కడుతోంది, లైట్ల ఖర్చు కూడా పోతే అంతకు మించి మిగిలేది కొద్దిగానే.

సబ్బు ఎందుకు వెనకబడిందో అరల దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. మీరు సబ్బును ఆరు వారాలు, అంటే దాదాపు నెలన్నర ఆరబెడుతున్నారు. నెలకు 600 చేస్తే ఏ రోజు చూసినా అరల మీద 900 సబ్బులు ఉండాలి. మీ అరలు పట్టేదీ 900లే. అంటే అరలు నిండుగా ఉన్నాయి. సబ్బు వాడుకునేది స్థలం మాత్రమే కాదు, ఆ స్థలాన్ని ఎన్నాళ్లు వాడుకుంటుందన్నది కూడా. ఆరబెట్టే చోటు అద్దె 12,000ని 900తో భాగిస్తే ఒక సబ్బు ఒక నెల కూర్చున్నందుకు 13.30 పడుతుంది. నెలన్నరకు 20.

మీరు కొత్తగా మొదలుపెడదామనుకుంటున్న ఒట్టి ఆలివ్ నూనె సబ్బుకు ఈ లెక్క చాలా అవసరం. దాన్ని ఆరు నెలలు ఆరబెడతామని రాశారు. అరల అద్దే 80 అవుతుంది, తేమ లాగే మెషీన్ కరెంటు మరో 16. సరుకు, కూలీ అదనం. ఇది కూడా తక్కువ చేసి చెప్పిన అంకే. అరలు ఇప్పటికే నిండి ఉన్నాయి కాబట్టి, ఆ ఒక్క సబ్బు ఆరు నెలలు కూర్చునే చోట మామూలు సబ్బులు నాలుగు ఆరి, అమ్ముడై వెళ్లిపోయేవి. ఒక్కోటి సరుకు, కూలీ పోను 35 తెస్తోంది, నాలుగూ కలిసి 140. కాబట్టి ఆలివ్ సబ్బు ధర దాని సొంత సరుకు, కూలీ మీద 140కి తగ్గితే, చేసిన కొద్దీ మీకు నష్టం. అరలు సగం ఖాళీగా ఉండి ఉంటే ఈ 140 వర్తించేది కాదు, అప్పుడు ఖాళీ చోటుకు ఏది వచ్చినా లాభమే. నిండిన చోటు ఖరీదు అద్దె రసీదులో ఉండదు, దానివల్ల వదులుకున్న అమ్మకంలో ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. వస్తువుకు ఎంత అని భాగించేటప్పుడు కింద వేసే అంకె ఆ నెల అమ్మకాలు కాకూడదు. ఒక మందకొడి నెలలో 300 సబ్బులే పోయాయనుకోండి. 18,525ని 300తో భాగిస్తే ఒక్కోదానికి 62 పడి, సబ్బు 107 అవుతుంది. అది చూసి ధర పెంచితే పోయే 300 కూడా పోవు, పై నెల ఇంకా పెద్ద అంకె వస్తుంది. సబ్బు ఖరీదైనది కాలేదు, సగం అర ఖాళీగా ఉంది, అంతే. ఆ ఖాళీ ఖర్చును కొన్నవాళ్లు భరించరు. కాబట్టి మామూలుగా నడిచే ఏడాదిలో సగటున నెలకు ఎన్ని చేయగలరో, ఎన్ని చేస్తారో ఆ అంకెతోనే, మీ విషయంలో 600తోనే భాగించండి. మందకొడి నెలలో వస్తువుల మీదికి ఎక్కకుండా మిగిలిపోయిన 9,260 చిల్లరను పుస్తకంలో ‘ఖాళీ సామర్థ్యం’ అని వేరే వరసలో రాసుకోండి. నిల్వ సరుకుకు విలువ కట్టే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 కూడా స్థిరమైన తయారీ ఖర్చులను మామూలు సామర్థ్యం మీదే పంచమంటుంది, ఉత్పత్తి తగ్గినందువల్ల మిగిలిపోయినదాన్ని ఆ కాలపు ఖర్చుగానే చూపమంటుంది. ఆ వరస నెల నెలా పెద్దదవుతుంటే మీరు చేయాల్సింది ధర పెంచడం కాదు, స్థలం తగ్గించుకోవడమో ఇంకేదైనా పని తెచ్చి నింపడమో.

ఇంత చేసి వచ్చిన 75.90, 131.60, 67.65ని ధరలనుకోకండి. కొనేవాళ్లకు మీ అద్దె ఎంతో తెలియదు, తెలిసినా పట్టదు. ఇవి ఏడాది పొడుగునా సగటున దాటవలసిన గీతలు. వీటి కింద ఇంకో గీత ఉంది, ఆ వస్తువు చేస్తేనే అయ్యే ఖర్చు. సంచికి అది సరుకు, కూలీ 60, మెషీన్ కరెంటు 1.20 కలిపి 61.20. ఎవరైనా వచ్చి ఒకేసారి 200 సంచులు 66 చొప్పున అడిగారనుకోండి. పై గీతతో పోలిస్తే నష్టం. కానీ ఆ నెల కుట్టుమిషను ఖాళీగా ఉంటే ఒక్కో సంచికి 4.80 అదనంగా వస్తుంది, అద్దె ఎలాగూ కట్టేదే. ఒప్పుకోవచ్చు. అయితే మిషను ఖాళీగా లేకపోయినా, ఆ ధర మీ రోజువారీ కొనుగోలుదార్ల చెవిన పడే అవకాశం ఉన్నా ఒప్పుకోకండి. రోజూ 75కి కొనేవాళ్లు కూడా 66 అడిగితే నెలకు 4,500 పోతుంది, ఆ ఆర్డరు మీద వచ్చిన 960 దానికి ఏ మూలకూ సరిపోదు. ఇలాంటి ఆర్డర్లు అప్పుడప్పుడూ వస్తే మంచిదే. ఏడాదిలో ఎక్కువ భాగం కింది గీత దగ్గరే అమ్మితే అద్దె కట్టేవాళ్లు ఉండరు.

పంపకం లెక్కను నెల నెలా తిరగేయనక్కర్లేదు. అద్దె మారినా, కొత్త మెషీన్ వచ్చినా, అరలు జరిపినా అప్పుడు మళ్లీ కొలవండి. లేకపోతే ఏడాదికోసారి చాలు.

ఇప్పుడు మీరు పట్టించుకోవలసింది సబ్బును. ముందు ఆరు వారాలు నిజంగా అవసరమో చూడండి. ఒక బ్యాచ్ నుంచి నాలుగు సబ్బులు తీసి గుర్తు పెట్టి, వారం వారం తూచి రాయండి. నీరు ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది. తగ్గడం దాదాపు ఆగిపోయిన వారం మీ షెడ్డు గాలికి సరిపోయే గడువు. అయిదో వారానికే ఆగిపోతే అదే అరల మీద నెలకు 600 బదులు సుమారు 720 ఆరతాయి. పైన ఇంకో వరస వేయడానికి ఎత్తు ఉన్నా అంతే లాభం, నేల పెరగదు కాబట్టి అద్దె పెరగదు. రెండింటికీ ఒకటే షరతు, ఆ అదనపు 120 సబ్బులు కొనేవాళ్లు ఉండాలి. లేకపోతే అయిదు వారాలు సరిపోతుందని తేలాక సబ్బులు పెంచకుండా, ఖాళీ అయిన అరలను తీసేసి ఆ నేలను కొవ్వొత్తులకు ఇవ్వండి, అవి పెంచితే పోతాయనుకుంటేనే.

ధర విషయానికొస్తే, సబ్బును 84కి పెట్టి మూడు నెలలు చూడండి. ఇప్పుడు సబ్బుల మీద సరుకు, కూలీ పోను నెలకు 21,000 వస్తోంది. 84 అయితే ఒక్కోదానికి 39 మిగులుతుంది, కాబట్టి 539 సబ్బులు పోయినా అదే డబ్బు వస్తుంది. అంటే నెలకు 61 సబ్బుల దాకా అమ్మకం తగ్గినా మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు, పైగా అరల్లో కాస్త చోటు దొరుకుతుంది. అంతకంటే తగ్గితే మళ్లీ 80కి తెచ్చేయండి. సంచి ధర మాత్రం ఇప్పుడు కదపకండి, 75 దానికి సరిపోతోంది.